పాఠం 9: నిరాకరణా, నిశ్శబ్దమా? కనెక్షన్ ఎక్కడ తెగిందో తెలుసుకోవడం

9.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో ఐపీ చిరునామా, పోర్టు నంబరు అనే రెండు మాటలు నేర్చుకున్నారు. ఐపీ చిరునామా ఒక ఇంటి చిరునామా వంటిదనీ, ఆ ఇంట్లో ఏ గది తలుపు తట్టాలో చెప్పేది పోర్టు నంబరు అనీ చెప్పుకున్నాం. ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుతో మాట్లాడాలంటే ఈ రెండూ కావాలి. రెండూ సరిగ్గానే ఇచ్చినా ఒక్కోసారి పని జరగదు. అప్పుడు తెరమీద ఏదో ఒక ఆంగ్ల వాక్యం కనిపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే "నెట్ రావడం లేదు" అనేసి ఊరుకుంటారు.

ఆ వాక్యాల్లో తరచుగా కనిపించేవి రెండు. ఒకటి `Connection refused`, అంటే కనెక్షన్‌ను నిరాకరించారు అని. రెండోది `Connection timed out`, అంటే ఎదురుచూసిన గడువు దాటిపోయింది అని. బ్రౌజరులో ఇవే `ERR_CONNECTION_REFUSED`, `ERR_CONNECTION_TIMED_OUT` అని కనిపిస్తాయి. విండోస్‌లో కొన్ని ప్రోగ్రాములు మాట చెప్పకుండా 10061 అనీ, 10060 అనీ అంకెలు మాత్రమే చూపిస్తాయి. 10061 నిరాకరణ, 10060 గడువు దాటడం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ రెండింటి తేడాను చెప్పగలగాలి. తెరమీద ఏది కనిపించిందన్న దాన్నిబట్టి లోపాన్ని ముందుగా ఎక్కడ వెతకాలో నిర్ణయించగలగాలి. ఈ సందేశాలను ఎక్కడిదాకా నమ్మవచ్చో కూడా తెలుసుకోవాలి.

9.2 పలకరింపు, జవాబు

వెబ్ పేజీ తెరవడం, ఫైలు తెచ్చుకోవడం వంటి పనులు ఎక్కువగా టీసీపీ అనే పద్ధతిలో జరుగుతాయి. ఈ పద్ధతి నియమాలు 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 793 అనే పత్రంగా వచ్చాయి. 2022 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 9293 దాని స్థానంలోకి వచ్చింది. మనకు ఇక్కడ కావలసిన భాగం మాత్రం అలాగే ఉంది.

మీ కంప్యూటరు ముందుగా అవతలి కంప్యూటరుకు ఒక చిన్న పలకరింపు పంపుతుంది. దీన్ని సిన్ అంటారు. "ఫలానా పోర్టులో మీతో మాట్లాడవచ్చా?" అని అడగడం అన్నమాట. ఇక్కడినుండి జరగగలిగేవి మూడు.

ఆ పోర్టులో ఏదో ఒక ప్రోగ్రాము వింటూ కూర్చుని ఉంటే "సరే, మాట్లాడండి" అనే జవాబు వస్తుంది. కనెక్షన్ కుదురుతుంది. కంప్యూటరు ఉంది గాని ఆ పోర్టులో వినే ప్రోగ్రాము లేదనుకోండి. అప్పుడు ఆ కంప్యూటరు ఊరుకోకూడదు, రీసెట్ అనే చిన్న జవాబు పంపాలి అని నియమం. "ఇక్కడ అలాంటివాళ్ళెవరూ లేరండీ" అని తలుపు దగ్గర చెప్పి పంపించడంలాంటిదే ఇది. ఆ రీసెట్ మీ కంప్యూటరుకు చేరగానే తెరమీద `Connection refused` అని పడుతుంది.

మూడోది, ఏ జవాబూ రాకపోవడం. మీ కంప్యూటరు వెంటనే ఆశ వదులుకోదు. పలకరింపు దారిలో పోయిందేమోనని మళ్ళీ పంపుతుంది. లైనక్స్‌లో ఎంతోకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం మొదట 1 సెకను ఆగి, తరువాత 2, 4, 8, 16, 32 సెకన్లు ఆగుతూ ఆరుసార్లు మళ్ళీ పంపుతుంది. చివరిసారి పంపిన తరువాత 64 సెకన్లు చూస్తుంది. అన్నీ కూడండి, 127 సెకన్లు, అంటే రెండు నిమిషాలకు పైమాటే. ఇటీవలి లైనక్స్‌లలో మొదటి కొన్నింటిని సెకనుకు ఒకటి చొప్పున పంపుతున్నారు. అయినా మొత్తం గడువు ఇంచుమించు అంతే. విండోస్ ఇంతసేపు ఆగదు, సుమారు 21 సెకన్లలో వదిలేస్తుంది. గడువు పూర్తయ్యాక కనిపించేదే `Connection timed out`.

ఇక్కడ ఒక విషయం బాగా గమనించండి. నిరాకరణ అవతలినుండి వచ్చిన కబురు. గడువు దాటడం అవతలినుండి వచ్చింది కాదు. ఏ కబురూ రాలేదని మీ కంప్యూటరు తనకు తాను చెప్పుకున్న మాట అది. తక్కిన పాఠమంతా ఈ ఒక్క తేడామీదే నడుస్తుంది.

నిరాకరణ వచ్చిందంటే మీ పలకరింపు వెళ్ళింది, జవాబు తిరిగి వచ్చింది. అంటే పోయే దారి, వచ్చే దారి రెండూ బాగానే ఉన్నాయి. చిక్కు దారి చివర, తలుపు దగ్గర ఉంది. గడువు దాటితే మాత్రం చిక్కు ఎక్కడైనా ఉండవచ్చు. మీ ఉత్తరం అందకపోయి ఉండవచ్చు. అంది, అవతలివాళ్ళు జవాబు రాసినా అది తిరుగుదారిలో పోయి ఉండవచ్చు. అందుకున్నవాళ్ళు కావాలనే జవాబు రాయకపోయి ఉండవచ్చు. ఇవతల కూర్చున్న మనకు మూడూ ఒకేలా కనిపిస్తాయి.

పాఠ్యాంతర్గత ప్రశ్న 1: ఒక కంప్యూటరుకు కనెక్ట్ కాబోతే అరసెకనులో `Connection refused` వచ్చింది. ఆ కంప్యూటరుకు కరెంటు లేదని అనుకోవచ్చా?

9.3 వసంత్ కుంజ్‌లో ఒక ఫ్లాటు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుండి చివరిదాకా చూద్దాం. ఢిల్లీలో వసంత్ కుంజ్ సెక్టర్ సి లోని ఒక డీడీఏ ఫ్లాటులో గుంటూరునుండి వచ్చిన ఒక ఆమె ఉంటున్నదనుకోండి. ఆమె తమ్ముడు గుంటూరులోనే ఉన్నాడు. మధ్యలో బడి మానేసి, ఇప్పుడు ఓపెన్ స్కూలు ద్వారా పదోతరగతి గణితం పరీక్ష రాయబోతున్నాడు. పరీక్షకు తొమ్మిది రోజులే ఉంది. అతనికి త్రికోణమితి ఒంటబట్టలేదు. అక్క రాత్రిళ్ళు కూర్చుని పాఠాలు చెబుతూ రికార్డు చేసి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో పెట్టింది. వాటిని అతను అక్కడినుండి చూడాలి.

ఆ పాత కంప్యూటరులో లైనక్స్ ఉంది. ఇంటి వైఫైలో దాని చిరునామా 192.168.1.20. ఫైళ్ళను బ్రౌజరులో చూపించడానికి ఆమె పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వరును, ఎక్కడో చూసి రాసుకున్న ఈ ఆదేశంతో మొదలుపెట్టింది.

```
python3 -m http.server 8000 --bind 127.0.0.1
```

అదే కంప్యూటరులో బ్రౌజరు తెరిచి చూస్తే పాఠాలన్నీ కనిపించాయి. తమ్ముడికి చెప్పేముందు, అదే వైఫైలో ఉన్న తన ల్యాప్‌టాపునుండి ఒకసారి చూద్దామనుకుంది. ఇది మంచి పద్ధతి. దూరంనుండి పరీక్షించే ముందు దగ్గరనుండి పరీక్షించాలి. ల్యాప్‌టాపులోనూ లైనక్సే ఉంది. పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే చిన్న ఆదేశం ఇచ్చింది.

```
nc -vz 192.168.1.20 8000
```

ఏమీ రాలేదు. తెర అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాలు దాటాక ఇలా వచ్చింది.

```
nc: connect to 192.168.1.20 port 8000 (tcp) failed: Connection timed out
```

మీరైతే ఇప్పుడు ఏం చేస్తారు? చాలామంది వైఫై రౌటరును ఆపి మళ్ళీ వేస్తారు. ఆమె అలా చేయలేదు. `ping 192.168.1.20` అని ఇచ్చి చూసింది. వెంటవెంటనే జవాబులు వచ్చాయి. అంటే కంప్యూటరు పనిచేస్తోంది, దారి ఉంది. దారి ఉన్నా జవాబు లేదంటే, పలకరింపును ఎవరో అందుకుని పక్కన పడేస్తున్నారన్నమాట.

దీన్ని అనుమానంగా వదిలేయనక్కరలేదు, కళ్ళతో చూడవచ్చు. కంప్యూటరులోకి వచ్చే సందేశాలను వచ్చినవి వచ్చినట్టు చూపించే `tcpdump` అనే సాధనం ఉంది. పాత కంప్యూటరులో దాన్ని నడిపి, ల్యాప్‌టాపునుండి మళ్ళీ ప్రయత్నించింది.

```
sudo tcpdump -n -i any tcp port 8000
10:15:01 192.168.1.31.50412 > 192.168.1.20.8000: Flags [S]
10:15:02 192.168.1.31.50412 > 192.168.1.20.8000: Flags [S]
10:15:04 192.168.1.31.50412 > 192.168.1.20.8000: Flags [S]
10:15:08 192.168.1.31.50412 > 192.168.1.20.8000: Flags [S]
```

(తెరమీద వచ్చే వరుసలు ఇంకా పొడుగ్గా ఉంటాయి. చదవడానికి వీలుగా ఇక్కడ కుదించాం.) `[S]` అంటే సిన్, పలకరింపు. సమయాలు చూడండి: 1 సెకను, తరువాత 2, తరువాత 4. ఇందాక మనం చెప్పుకున్న లెక్కే. అన్నీ ల్యాప్‌టాపు దగ్గరనుండి వస్తున్నవే. తిరిగి వెళ్ళే వరుస ఒక్కటీ లేదు. పలకరింపు గడపదాకా వచ్చి అక్కడే మాయమవుతోంది.

ఇలా చేసేది ఫైర్‌వాల్. బయటినుండి వచ్చేవాటిని అడ్డుకునే కాపలాదారు అది. వచ్చిన సందేశం పోర్టు దగ్గరికి చేరకముందే దాన్ని చూస్తుంది. అడ్డుకోవడంలో రెండు తీరులున్నాయి. "కుదరదు" అని చెప్పి పంపించడం ఒకటి, మాట్లాడకుండా పారేయడం ఇంకొకటి. ఉబుంటు లైనక్స్‌లో ఉండే `ufw` ఫైర్‌వాల్‌ను మామూలుగా ఆన్ చేస్తే రెండోదే చేస్తుంది. అయితే `ping` ను మాత్రం రానిస్తుంది. అందువల్లే ఆమెకు ఒకవైపు `ping` జవాబులు, మరోవైపు నిశ్శబ్దం కనిపించాయి. ఆమె ఇంట్లోవాళ్ళకు మాత్రమే తలుపు తెరిచేటట్టు ఈ ఆదేశం ఇచ్చింది.

```
sudo ufw allow from 192.168.1.0/24 to any port 8000 proto tcp
```

మళ్ళీ ల్యాప్‌టాపునుండి ప్రయత్నిస్తే ఈసారి రెప్పపాటులో జవాబు వచ్చింది.

```
nc: connect to 192.168.1.20 port 8000 (tcp) failed: Connection refused
```

ఇది చూసి నిరాశపడడం సహజం. "ఇంత చేసినా ఇంకా కుదరలేదు" అనిపిస్తుంది. కాని ఒక చిక్కు తీరి రెండోది బయటపడింది. ఇందాక నిశ్శబ్దం, ఇప్పుడు మాట. ఫైర్‌వాల్ దాటి పలకరింపు లోపలికి వెళ్ళింది, కంప్యూటరే స్వయంగా జవాబు చెప్పింది. ఒక మార్పు చేశాక గడువు దాటడం పోయి నిరాకరణ వస్తే, చేసిన మార్పు సరైనదే. దాన్ని వెనక్కి తీయకూడదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, సరిగ్గా ఈ ఘట్టంలోనే కంగారుపడి చేసిన మంచి పనిని చెరుపుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక నిరాకరణ సంగతి. వినే ప్రోగ్రాము లేనప్పుడే నిరాకరణ వస్తుందన్నాం. కాని పైథాన్ సర్వరు నడుస్తూనే ఉంది కదా! అది ఏ చిరునామాలో వింటోందో చూడాలి.

```
ss -ltn
LISTEN 0  5  127.0.0.1:8000  0.0.0.0:*
```

127.0.0.1 అనేది ప్రతి కంప్యూటరుకూ తనలో తాను మాట్లాడుకోవడానికి ఉన్న చిరునామా. ఆమె రాసుకున్న ఆదేశంలో చివర ఉన్న `--bind 127.0.0.1` అర్థం ఇదే. సర్వరు ఇంటి లోపలి గదిలో కూర్చుని వింటోంది, వీధి తలుపు దగ్గర ఎవరూ లేరు. 192.168.1.20 అనే తలుపు తట్టినవాళ్ళకు "లేరు" అనే జవాబే వస్తుంది. ఆ చివరి భాగం తీసేసి మళ్ళీ నడిపితే సర్వరు 0.0.0.0 లో, అంటే ఆ కంప్యూటరుకున్న అన్ని చిరునామాల్లోనూ వింటుంది. ల్యాప్‌టాపులో పాఠాల జాబితా కనిపించింది.

పాఠ్యాంతర్గత ప్రశ్న 2: ఆమె ముందు సర్వరు చిరునామాను సరిచేసి, ఫైర్‌వాల్‌ను అలాగే వదిలేసి ఉంటే ల్యాప్‌టాపు తెరమీద ఏ సందేశం కనిపించేది?

9.4 గుంటూరునుండి

ఇంట్లో పని అయింది. బయటినుండి కూడా రావడానికి ఆమె ఫైర్‌వాల్‌లో అనుమతి పెంచింది. 8000 పోర్టుకు వచ్చేవాటిని పాత కంప్యూటరుకు పంపమని రౌటరులో కూడా పెట్టింది. "నా ఐపీ చిరునామా ఏది" అని చెప్పే ఒక సైటు తెరిస్తే 203.0.113.45 అని చూపించిందనుకుందాం. (ఇది పుస్తకాల్లో ఉదాహరణలకోసమే కేటాయించిన చిరునామా.) దాన్ని ఫోనులో తమ్ముడికి చెప్పింది. కాసేపటికి అతను ఫోను చేశాడు.

"అక్కా, ఏం రావడంలేదే. తిరుగుతూనే ఉంది."

"చివరికి ఏమని వచ్చిందిరా? ఉన్నది ఉన్నట్టు చదువు."

"టైమ్‌డ్ అవుట్ అని."

అతను "రావడంలేదు" అన్నది ఒక్కటే అయితే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. టైమ్‌డ్ అవుట్ అన్నాడు కాబట్టి ఎక్కడో నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దం తన ఇంట్లోనా, బయటా? ఆమె మళ్ళీ `tcpdump` నడిపి, తమ్ముణ్ణి ఇంకోసారి ప్రయత్నించమంది. ఈసారి తెరమీద ఒక్క వరుస కూడా పడలేదు. ఇందాక పలకరింపు గడపదాకా వచ్చి పోయింది. ఇప్పుడు గడపదాకా రావడమే లేదు. కాబట్టి పాత కంప్యూటరులో ఇంక వెతకవలసిందేమీ లేదు. తెగినచోటు రౌటరు దగ్గరో, దానికి అవతలో ఉంది.

రౌటరు పేజీ తెరిచి, దానికి ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన చిరునామా చూసింది. అది 203తో మొదలు కాలేదు, 100.72తో మొదలయింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. 100.64నుండి 100.127దాకా ఉన్న చిరునామాలను 2012 ఏప్రిల్‌లో ఒక ప్రత్యేక అవసరంకోసం పక్కన పెట్టారు. ప్రపంచంలో పాత తరహా ఐపీ చిరునామాలు చాలనందువల్ల, కంపెనీలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా వాడతాయి. లోపల ఒక్కో ఇంటికి ఈ 100 వరుసలోని చిరునామా ఇస్తాయి. ఇంట్లోనుండి ఎవరైనా బయటికి పలకరిస్తే, కంపెనీ యంత్రం ఎవరు పలకరించారో రాసిపెట్టుకుని, వచ్చిన జవాబును ఆ ఇంటికి అందిస్తుంది. బయటినుండి ఎవరైనా ముందుగా పలకరిస్తే మాత్రం అది ఏ ఇంటికి ఇవ్వాలో ఆ యంత్రానికి తెలియదు. సాధారణంగా పారేస్తుంది. తమ్ముడి పలకరింపు అక్కడ ఆగిపోయింది.

అంటే ఆమె రౌటరులో ఎన్నిసార్లు ఏం మార్చినా ప్రయోజనం లేదు. ఉన్న దారులు కొన్నే. కంపెనీకి అదనంగా డబ్బు కట్టి సొంత బయటి చిరునామా తీసుకోవచ్చు. ఇద్దరి ఇళ్ళకూ కొత్త తరహా చిరునామా, అంటే ఐపీవీ6 ఉంటే దాని ద్వారా ప్రయత్నించవచ్చు. లేదా ఫైళ్ళను ఇద్దరికీ అందుబాటులో ఉండే మూడోచోట పెట్టవచ్చు. పరీక్ష ముందు అంత సమయం లేదు కాబట్టి ఆమె మూడోది ఎన్నుకుంది. ఫైళ్ళను ఒక ఆన్‌లైన్ డ్రైవులోకి ఎక్కించి లింకు పంపింది. తరువాత బయటికోసం పెంచిన ఫైర్‌వాల్ అనుమతినీ, రౌటరులో పెట్టినదాన్నీ తీసేసింది. అది అవసరం కూడా. పైథాన్ చిన్న సర్వరు ఇంట్లో పరీక్షించడానికే గాని ఊరందరికీ తెరిచిపెట్టడానికి తయారు చేసినది కాదు.

9.5 సందేశాన్ని ఎక్కడిదాకా నమ్మవచ్చు

నిరాకరణ వస్తే చివరిదాకా దారి బాగుందన్నాం. దీనికి ఒక మినహాయింపు ఉంది. జవాబు చెప్పినవాళ్ళు మీరు పిలిచినవాళ్ళేనా? దారిలో ఉన్న ఫైర్‌వాల్‌గాని, ఇంటి రౌటరుగాని, ఆఫీసు నెట్‌వర్కులోని ఒక యంత్రంగాని అవతలి కంప్యూటరు తరఫున తానే "కుదరదు" అని చెప్పగలదు. పై ఉదాహరణలో కంపెనీ యంత్రం పలకరింపును పారేయకుండా రీసెట్ పంపి ఉంటే, తమ్ముడికి రెఫ్యూజ్డ్ అని కనిపించేది. అక్క ఏమో తన సర్వరులో తప్పుందని వెతుక్కునేది.

దీన్ని పట్టుకోవడానికి రెండు ఉపాయాలున్నాయి. అవతలి కంప్యూటరు మీ చేతిలో ఉంటే `tcpdump` చూడడం మొదటిది. నిరాకరణ వచ్చినా అక్కడ వరుస పడలేదంటే, జవాబు చెప్పింది అది కాదు. అవతలి కంప్యూటరు మీ చేతిలో లేకపోతే గడియారం చూడాలి. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఢిల్లీనుండి న్యూయార్కు నేరుగా లెక్కవేసినా సుమారు 11,700 కిలోమీటర్లు. పోయిరావడానికి 23,400 కిలోమీటర్లు, అంటే కనీసం 117 మిల్లీసెకన్లు పట్టాలి. న్యూయార్కులో ఉందని మీకు ఖచ్చితంగా తెలిసిన కంప్యూటరునుండి 5 మిల్లీసెకన్లలో నిరాకరణ వస్తే, అది న్యూయార్కునుండి వచ్చింది కాదు. మీ దగ్గర్లోనే ఎవరో చెప్పారు. `nc` ఆదేశానికి ముందు `time` అని చేర్చితే ఎంతసేపు పట్టిందో కనిపిస్తుంది. విండోస్‌లో ఈ కొలత అంత బాగా పనికిరాదు. రీసెట్ వచ్చినా విండోస్ మరికొన్నిసార్లు ప్రయత్నించి, ఒకటి రెండు సెకన్ల తరువాతగాని మీకు చెప్పదు.

గడువు దాటడానికి కూడా దారి తెగి ఉండనక్కరలేదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్ళు తెగాయి. మన దేశంనుండి పశ్చిమానికి పోయే ఇంటర్నెట్ బాగా దెబ్బతింది. తెగిన కేబుల్లో సందేశాలు పోలేవన్నది అందరికీ తెలిసేదే. మిగిలిన కేబుళ్ళమీద పడిన భారమే ఆలోచించవలసింది. సందేశాలు తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ వస్తే, దారిలోని యంత్రాలు వరుసలో పట్టనివాటిని పారేస్తాయి. దారి ఉంటుంది, అయినా మీ పలకరింపు పోతుంది. ఇలాంటప్పుడు ఒకసారి గడువు దాటి, మరోసారి పేజీ తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ అయితే ఇలా మనసు మార్చుకోదు, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. కాబట్టి గడువు దాటినప్పుడు నాలుగైదుసార్లు ప్రయత్నించి, ఎప్పుడూ ఇంతేనా, అప్పుడప్పుడా అన్నది గమనించండి.

పరీక్షా ఫలితాలు వచ్చే రోజు మీరందరూ చూసేది ఇదే. లక్షలమంది ఒకేసారి పలకరిస్తే సర్వరు ముందున్న వరుస నిండిపోతుంది. నిండాక వచ్చిన పలకరింపులను లైనక్స్ సర్వరు నిరాకరించదు, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. కాస్సేపటికి మళ్ళీ వస్తారులే అని దాని ఉద్దేశం. అందుకే తెరమీద టైమ్‌డ్ అవుట్ పడుతుంది. అదే సమయంలో రెఫ్యూజ్డ్ వస్తే సర్వరు ప్రోగ్రామే ఆగిపోయిందనో, దాన్ని ఆపి మళ్ళీ నడుపుతున్నారనో అనుకోవచ్చు.

చివరగా మూడో సందేశం ఒకటి చెప్పుకోవాలి. లైనక్స్‌లో అదే వైఫైలో ఉన్న, కరెంటు తీసేసిన కంప్యూటరును పిలిస్తే సాధారణంగా టైమ్‌డ్ అవుట్ రాదు. సుమారు మూడు సెకన్లలో `No route to host` వస్తుంది. ఒకే ఇంట్లో ఉన్న కంప్యూటర్లు పలకరించే ముందు "ఈ చిరునామా ఎవరిది?" అని అందరినీ కేకవేసి అడుగుతాయి. ఎవరూ పలకకపోతే పలకరింపు పంపడానికే వీలులేదు. విండోస్ ఈ తేడా చూపించకుండా చాలాసార్లు 10060 అనే అంటుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు అడ్డుకున్నప్పుడు కూడా ఇదే `No route to host` కనిపించేటట్టు జవాబిస్తాయి. కాబట్టి ఆ మాట చూడగానే కంప్యూటరు ఆగిపోయిందని తేల్చేయకుండా `ping` చేసి చూడండి.

పాఠ్యాంతర్గత ప్రశ్న 3: మీ ఊరి సైబర్ కేంద్రంనుండి ఒక సర్వరును పిలిస్తే టైమ్‌డ్ అవుట్ వచ్చింది. అదే సర్వరు మీ ఫోను ఇంటర్నెట్‌తో వెంటనే తెరుచుకుంది. తెగినచోటు ఎటువైపు ఉంది?

జవాబులు

1. అనుకోకూడదు. కరెంటు లేని కంప్యూటరు జవాబు చెప్పలేదు. నిరాకరణ వచ్చిందంటే ఎవరో జవాబు చెప్పారు. ఆ కంప్యూటరు నడుస్తూ ఉండవచ్చు, ఆ పోర్టులో వినే ప్రోగ్రాము మాత్రం లేదు. లేదా దారిలోని మరో యంత్రం దాని తరఫున జవాబు చెప్పి ఉండవచ్చు.

2. టైమ్‌డ్ అవుట్. ఫైర్‌వాల్ ముందుంటుంది, సర్వరు దాని వెనుక ఉంటుంది. వెనుక ఏది సరిచేసినా ముందున్న నిశ్శబ్దం మారదు. ఆమె సరిచేసింది తప్పని ఆ సందేశం చెప్పదు.

3. సైబర్ కేంద్రం వైపు ఉండే అవకాశం ఎక్కువ. సర్వరు నడుస్తోందని ఫోను రుజువు చేసింది. అయితే ఆ సర్వరు ఫైర్‌వాల్ సైబర్ కేంద్రం చిరునామాను మాత్రమే అడ్డుకుంటూ ఉండే అవకాశమూ లేకపోలేదు. ఈ రెండింటినీ విడదీయాలంటే సైబర్ కేంద్రంనుండే మరో రెండు మూడు సర్వర్లను అదే పోర్టు నంబరుతో పిలిచి చూడాలి. అవి కూడా పలకకపోతే అడ్డు సైబర్ కేంద్రం వైపు ఉంది. అవి పలికితే ఆ ఒక్క సర్వరు దగ్గర, లేదా దానికి పోయే దారిలో వెతకాలి.